వైఫై ఛానల్: ఖాళీగా కనిపించేదే అన్నిటికన్నా ఇరుకు కావచ్చు

క్లుప్తంగా: ఇంటి వైఫై ముఖ్యంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్ల మీద నడుస్తుంది, ఒక్కో బ్యాండ్‌లో అంకెలతో పిలిచే ఛానళ్లుంటాయి. అపార్ట్‌మెంట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ మీద నిజంగా వాడదగిన ఛానళ్లు మూడే: 1, 6, 11. వాటి మధ్యలో ఎవరూ లేనట్టు కనిపించే 3, 4, 8 లాంటివి రెండు వైపుల నుంచీ దెబ్బ తింటాయి. ఆ మూడింటిలో ఏది మేలో తేల్చేది అక్కడున్న నెట్‌వర్క్ పేర్ల సంఖ్య కాదు, ఆ ఛానల్ ఎంతసేపు నిండి ఉంటోందన్నది. టీవీ, ల్యాప్‌టాప్ లాంటివాటిని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చగలిగితే సమస్యలో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది.

రాత్రి తొమ్మిది గంటల వేళ హైదరాబాద్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోవచ్చు. అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు, దాదాపు ప్రతి ఫ్లాటులోనూ ఫైబర్ కనెక్షన్, దానితో వచ్చిన రూటర్. ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే సొంత పేరు కనిపించడానికే రెండుసార్లు కిందికి జరపాలి. 100 ఎంబీపీఎస్ ప్లానుకు నెలనెలా డబ్బు కడుతున్నా హాల్లో టీవీ మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. మర్నాడు పొద్దున పదకొండింటికి, పిల్లలు బడికీ పెద్దలు ఆఫీసుకీ వెళ్లాక, అదే టీవీ ఒక్కసారి కూడా ఆగదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వచ్చే మొదటి సలహా అందరికీ తెలిసిందే: రూటర్ ఆపి, ఓ నిమిషం ఆగి, మళ్లీ ఆన్ చేయండి. విచిత్రమేమిటంటే, అలా చేస్తే కొన్నిసార్లు బాగవుతుంది కూడా. రెండు రోజులు పోయాక మళ్లీ మొదటికొస్తుంది. ఈ రెంటికీ కారణం చాలాసార్లు ఒకటే: రూటర్ ఏ ఛానల్ మీద కూర్చుందన్నది.

## తప్పు వైఫైదా, బయటి లైనుదా?

ఛానల్ జోలికి వెళ్లే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఇంట్లోకి వచ్చే ఫైబర్ లైనే నెమ్మదిగా ఉంటే ఛానల్ ఎన్నిసార్లు మార్చినా ఒరిగేదేమీ ఉండదు. స్పీడ్ టెస్ట్ ఈ రెంటినీ కలిపి కొలుస్తుంది కాబట్టి తప్పు ఎక్కడుందో చెప్పలేదు. అంతకన్నా సూటిగా చెప్పేది రూటర్‌కే పంపే పింగ్. ఇబ్బంది ఉన్న గదిలో, ఇబ్బంది ఉన్న వేళ, విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా టైప్ చేయాలి. రూటర్ చిరునామా దాని అడుగున ఉన్న స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా ఇళ్లలో అది కింద ఇచ్చినదే.

```
ping -n 50 192.168.1.1
```

ఈ యాభై సందేశాలూ ఇంటి గడప దాటవు. ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కు వెళ్లి తిరిగి వస్తాయి. వైఫై బాగుంటే దాదాపు అన్నీ కొద్ది మిల్లీసెకన్లలో, నిలకడగా తిరిగొస్తాయి. ఒకటి 3, తర్వాతిది 140, ఆ తర్వాతిది 60, మధ్యలో ఒకటి రెండు అసలు రాకపోవడం కనిపిస్తే తప్పు ఇంట్లోని గాలిదే. రూటర్‌కు పింగ్ నిలకడగా ఉండి కూడా వీడియో ఆగుతుంటే తప్పు బయటి లైనుది, కంపెనీకి ఫిర్యాదు చేయడమే దారి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఈ పరీక్ష చేసి అంకెలు రాసి పెట్టుకుంటే, ఛానల్ మార్చాక పోల్చి చూడడానికి పనికొస్తాయి.

## పదమూడు అంకెలు, మూడు దారులు

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో భారత్‌లో 1 నుంచి 13 వరకు ఛానళ్లు వాడుకోవచ్చు. పదమూడు అనగానే పదమూడు విడివిడి గదులు అనుకోవడం సహజం. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. ఒక ఛానల్ నడిబొడ్డు నుంచి తర్వాతి ఛానల్ నడిబొడ్డుకు దూరం 5 మెగాహెర్ట్జ్. కానీ వైఫై సిగ్నల్ ఆక్రమించే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. అంటే 5 అడుగులకో గీత గీసిన నేల మీద 20 అడుగుల మంచాలు వేసినట్టు. అంకె ఏదైనా, అది మంచం మధ్య భాగం ఎక్కడుందో మాత్రమే చెబుతుంది.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఒకటో ఛానల్ కేంద్రం 2412 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది 2402 నుంచి 2422 దాకా పరుచుకుంటుంది. ఆరోది 2427 నుంచి 2447 వరకు, పదకొండోది 2452 నుంచి 2472 వరకు. ఈ మూడూ ఒకదానినొకటి తాకవు. మూడో ఛానల్ సంగతి వేరు. అది 2412 నుంచి 2432 దాకా ఉంటుంది. ఒకటో ఛానల్‌లో సగం మీద, ఆరో ఛానల్ అంచు మీద కూడా పడుతుంది. నాలుగో ఛానల్‌దీ అదే కథ, వైపు మారుతుందంతే.

మరి 13 సంగతేమిటి? అది 2462 నుంచి 2482 వరకు ఉంటుంది కాబట్టి పదకొండో ఛానల్‌లో సగాన్ని మింగుతుంది. 1, 5, 9, 13 అని నాలుగు ఛానళ్లుగా పంచుకోవచ్చనే వాదన ఉంది, లెక్క ప్రకారం అది తప్పు కాదు. కాకపోతే భవనంలో అందరూ ఒకే మాట మీద ఉంటేనే అది కుదురుతుంది. పక్కింటివారు ఆరో ఛానల్ మీద ఉండగా ఒకరు ఐదుకు, ఇంకొకరు తొమ్మిదికి వెళ్తే ముగ్గురికీ నష్టమే. దీనికి తోడు అమెరికా నుంచి తెచ్చుకున్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ స్టిక్‌లలో కొన్నిటికి 12, 13 ఛానళ్లు కనిపించవు. అక్కడ మామూలుగా 11తోనే ఆగుతారు. కొడుకో కూతురో అక్కడి నుంచి పంపిన పరికరం ఇంట్లో అన్ని వైఫైలనూ చూస్తూ సొంత వైఫైని మాత్రం చూడలేకపోతే ముందు అనుమానించాల్సింది ఇదే.

## ఒకే ఛానల్‌లో ఇరుక్కోవడం మేలు, పక్కన ఆనుకోవడం కీడు

ఒకటో ఛానల్‌లో ఎనిమిది నెట్‌వర్క్‌లు, ఆరులో నాలుగు, పదకొండులో ఏడు ఉండి, మూడులో ఒక్కటీ లేకపోతే మూడుకు వెళ్లడం తెలివైన పనిలా కనిపిస్తుంది. ఛానళ్లను గుట్టల్లా గీసి చూపించే యాప్‌లు కూడా ఆ భ్రమనే పెంచుతాయి. అసలు పరికరాలు గాలిలో వంతులు ఎలా వేసుకుంటాయో చూస్తే ఆ ఎంపికలోని లోపం బయటపడుతుంది.

వైఫై పరికరం ఏదైనా మాట్లాడే ముందు వింటుంది. అదే ఛానల్‌లో ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది, వారు ముగించాక కొద్దిపాటి యాదృచ్ఛిక విరామం తీసుకుని తన వంతు మొదలుపెడుతుంది. ఇక్కడ పక్కింటి రూటర్, సొంత రూటర్ అనే తేడా లేదు. ఒకే ఛానల్‌లో ఉంటే పాస్‌వర్డ్‌లు వేరైనా వరుస మాత్రం ఒకటే. ప్రతి సందేశం మొదట్లో ఎంతసేపు మాట్లాడబోతున్నదీ చెప్పే చిన్న ముందుమాట ఉంటుంది. మిగతా పరికరాలు దాన్ని చదివి అంతసేపూ మౌనంగా ఉంటాయి. వంతు ఆలస్యంగా రావచ్చు, కానీ వచ్చినప్పుడు మాట చెడదు.

పక్క ఛానల్‌లో ఉన్నప్పుడు ఈ మర్యాద పనిచేయదు. మూడో ఛానల్‌లోని రూటర్‌కు ఒకటో ఛానల్ సందేశం సగం ముక్కగా చేరుతుంది, దాని ముందుమాట అర్థం కాదు. అర్థం కానిది దాని లెక్కలో మాట కాదు, వట్టి చప్పుడు. ప్రమాణాల ప్రకారం అర్థమయ్యే సందేశం మైనస్ 82 డీబీఎం అంత సన్నగా ఉన్నా పరికరం ఆగాలి. అర్థం కాని చప్పుడైతే మైనస్ 62కి చేరేదాకా ఆగనక్కర్లేదు. ఈ అంకెలు సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలమైనవి, ప్రతి 10కీ బలం పది రెట్లు మారుతుంది. అంటే ఆ రెండు హద్దుల మధ్య తేడా నూరు రెట్లు.

గోడ అవతలి ఇంటి సిగ్నల్ మూడో ఛానల్ దగ్గరకు మైనస్ 70గా చేరిందనుకుంటే అది సరిగ్గా ఆ రెండు హద్దుల మధ్యన పడుతుంది. రూటర్ దాన్ని ఖాతరు చేయదు, తన మాట మొదలుపెడుతుంది. రెండూ గాలిలో ఒకదాని మీద ఒకటి పడతాయి, ఫోన్‌కు చేరాల్సిన సందేశం చెడుతుంది. రూటర్ మళ్లీ పంపుతుంది, మళ్లీ చెడితే వేగం తగ్గించి పంపుతుంది. వేగం తగ్గితే అదే సందేశానికి ఎక్కువ సమయం పడుతుంది, ఎక్కువ సమయం పడితే ఇంకొకరితో ఢీకొనే అవకాశం పెరుగుతుంది. పక్కపక్కనే రెండు ఫంక్షన్ హాళ్లలో రెండు పెళ్లిళ్లు జరుగుతుంటే, రెండు మేళాల్లో ఏదీ ఆగదు, ఏ పురోహితుడి మాటా వినపడదు. అదీ మూడో ఛానల్ పరిస్థితి. పైగా అది ఒకటో ఛానల్ వారినీ ఆరో ఛానల్ వారినీ కూడా చెడగొడుతుంది.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. పక్క ఛానళ్లలోని సిగ్నళ్లన్నీ మైనస్ 90 దాకా సన్నగిల్లి ఉంటే మూడులో ఉన్నా తేడా తెలియదు. విడిగా ఉన్న ఇంట్లో మూడో ఛానల్ బాగానే నడవడానికి కారణం అదే. అపార్ట్‌మెంట్‌లో అంత నిశ్శబ్దం దొరకదు.

ఇదే తప్పును ఇంకో రూపంలో చేసేది రూటర్ సెట్టింగులలో `Bandwidth` దగ్గర ఉండే `40 MHz`. వెడల్పు రెట్టింపైతే వేగం రెట్టింపవుతుందన్నది కాగితం మీద నిజం. 2.4 బ్యాండ్ మొత్తం కలిపి 83.5 మెగాహెర్ట్జే కాబట్టి, ఒక్క ఇల్లు 40 తీసుకుంటే ఆ మూడు దారుల్లో రెండింటి మీద పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో 2.4 వరకు `20 MHz` తప్ప ఇంకోటి పెట్టడంలో అర్థం లేదు.

## పేర్ల లెక్క కాదు, సమయం లెక్క

1, 6, 11లలోనే ఎంచుకోవాలని తేలాక, ఏ ఒక్కటి అన్నది మిగిలిన ప్రశ్న. తక్కువ పేర్లున్న చోటుకు వెళ్లడం మొదట తోచే జవాబు. అది కొంతవరకే సరైనది.

ఎవరూ వాడకపోయినా ప్రతి రూటర్ తన ఉనికిని చాటుకుంటూనే ఉంటుంది. సుమారు 102 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు పదిసార్లు, తన పేరు, సామర్థ్యాలు చెప్పే చిన్న ప్రకటన వదులుతుంది. దీన్ని బీకన్ అంటారు. ఎంత పాత పరికరానికైనా అర్థం కావాలని చాలా రూటర్లు 2.4 మీద దీన్ని అతి నెమ్మదైన 1 ఎంబీపీఎస్ వేగంతో పంపుతాయి. బీకన్ సైజు 300 బైట్లనుకుంటే ఆ వేగంలో ఒక్కోదానికి దాదాపు 2.5 మిల్లీసెకన్లు పడుతుంది. పది సార్లకు 25 మిల్లీసెకన్లు. ఒక ఛానల్‌లో ఎనిమిది నెట్‌వర్క్‌లుంటే సెకనులో 200 మిల్లీసెకన్లు, అంటే ఐదోవంతు సమయం, ఎవరూ ఏమీ చూడకముందే పేర్లు చెప్పుకోవడానికే ఖర్చవుతుంది. కొన్ని రూటర్లలో పాత `802.11b` పరికరాలను వదిలేసే ఎంపిక ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే బీకన్లు 6 ఎంబీపీఎస్‌కు మారి, ఒక్కో బీకన్‌కు అర మిల్లీసెకను కూడా పట్టదు. అయితే ఒక్క ఇల్లు మారితే సరిపోదు.

జాబితాలో కనిపించే పేర్లన్నీ వేర్వేరు రూటర్లు కావు. గెస్ట్ నెట్‌వర్క్ అని ఇంకో పేరు పెట్టుకుంటే ఒకే పెట్టె రెండు బీకన్లు వదులుతుంది. రెండు పేర్ల కింద ఉన్న హార్డ్‌వేర్ చిరునామాలో చివరి ఒకటి రెండు అంకెలు మాత్రమే తేడాగా ఉంటే అవి చాలావరకు ఒకే ఇంటివని అర్థం.

బీకన్లు తీసేశాక మిగిలిన సమయాన్ని తినేది అసలు వాడకం. నాలుగు నెట్‌వర్క్‌లే ఉన్న ఛానల్‌లో రెండు ఇళ్ల టీవీలు సాయంత్రమంతా వీడియో లాగుతుంటే అది ఎనిమిది ఉన్నదానికన్నా ఇరుకు. ఈ నిండుదనాన్ని ఊహించనక్కర్లేదు, చాలా రూటర్లు తమ బీకన్‌లోనే చెబుతాయి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో లొకేషన్ ఆన్ చేసి ఈ ఆజ్ఞ ఇస్తే చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌ల జాబితా వస్తుంది.

```
netsh wlan show networks mode=bssid
```

అందులో ఒక్కో నెట్‌వర్క్ కింద `Channel` అనే వరుసతో పాటు, ఆ సమాచారం ఇచ్చే రూటర్లకు `Channel Utilization` అని ఒక శాతం కనిపిస్తుంది. గాలి ఎంత శాతం సమయం నిండి ఉందో ఆ రూటర్ తన చోటు నుంచి విన్న లెక్క అది. పక్కింటి రూటర్ చెప్పినదైనా మన గదికీ దాదాపు వర్తిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఛానళ్లను చూపే యాప్‌లు సిగ్నల్ బలాన్నీ ఛానల్‌నూ చూపిస్తాయి. వాటికి లొకేషన్ అనుమతి కావాలి. ఫోన్ వ్యవస్థే స్కాన్‌లను రెండు నిమిషాలకు నాలుగుకు పరిమితం చేస్తుంది కాబట్టి గది మారిన వెంటనే అంకెలు మారవు, కాస్త ఆగాలి. ఐఫోన్‌లో మామూలు యాప్‌లకు ఈ సమాచారం అందదు. యాపిల్ సొంత యాప్ `AirPort Utility`కి ఫోన్ సెట్టింగులలో వైఫై స్కానర్‌ను ఆన్ చేస్తే అది చూపిస్తుంది.

## ఒక ఫ్లాటు, మూడు అంకెలు

మొదట చెప్పిన భవనంలో మూడో అంతస్తు ఫ్లాటును ఉదాహరణగా తీసుకుంటే లెక్క ఎలా నడుస్తుందో కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు, రూటర్ పక్కన నిలబడి ఒకసారి, టీవీ దగ్గర ఒకసారి చూసినప్పుడు ఇలా ఉందనుకుందాం.

ఒకటో ఛానల్‌లో ఎనిమిది పేర్లు. వాటిలో అన్నిటికన్నా బలమైనది మైనస్ 67, మిగతావన్నీ మైనస్ 80కి అటూ ఇటూ. నిండుదనం 30 శాతం. ఆరో ఛానల్‌లో నాలుగే పేర్లు, కానీ వాటిలో రెండు మైనస్ 48, మైనస్ 55. అంటే గోడ అవతలి ఇల్లు, కింది ఇల్లు. నిండుదనం 70 శాతం. పదకొండులో ఏడు పేర్లు, బలమైనది మైనస్ 60, నిండుదనం 50 శాతం. మూడులో ఎవరూ లేరు. రూటర్ ఇప్పుడున్నది ఆరులో.

పేర్లు మాత్రమే లెక్కపెడితే ఆరును వదలాల్సిన పనే లేదు. గుట్టల బొమ్మ చూస్తే మూడుకు వెళ్లాలనిపిస్తుంది. రెండూ తప్పే. ఒకటో ఛానల్‌లోని ఎనిమిది పేర్లకు బీకన్ల ఖర్చే 20 శాతం. మొత్తం 30 అంటే అసలు వాడకం పది శాతమే. ఆరో ఛానల్‌లో బీకన్ల ఖర్చు 10 శాతం, మిగిలిన 60 శాతం రెండు పక్కిళ్ల వీడియోలు. గుంపు ఎక్కువున్న ఒకటో ఛానల్‌లోనే సొంత ఇంటికి 70 శాతం సమయం మిగులుతుంది, ఆరులో 30 మాత్రమే.

వేగంలో ఇదెంత తేడా? 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో రెండు యాంటెన్నాల మామూలు ఫోన్ 144 ఎంబీపీఎస్‌తో కలుస్తుంది. ఎదురుచూపులు, జవాబులు తీసేస్తే ప్రశాంతమైన గాలిలో అందులో సగం చేతికొస్తుందని లెక్కేసుకోవచ్చు, అంటే 70. దానిలో 30 శాతం 21, 70 శాతం 49. ఇది అంచనా లెక్క, గోడలూ దూరమూ దీన్ని ఇంకా తగ్గిస్తాయి. అయినా 4కే వీడియోకు సుమారు 25 ఎంబీపీఎస్ కావాలి కాబట్టి, ఆగి ఆగి నడవడానికీ సాఫీగా నడవడానికీ మధ్య గీత ఈ రెండు అంకెల మధ్యనే ఉంది.

రూటర్ దగ్గర, టీవీ దగ్గర వేర్వేరుగా చూడడానికి ఒక కారణం ఉంది. హాల్లో రూటర్‌కు వినపడని పై ఇంటి సిగ్నల్ చివరి బెడ్‌రూమ్‌లోని ఫోన్‌కు గట్టిగా వినపడవచ్చు. రూటర్ నిశ్శబ్దంగా ఉందనుకుని మాట్లాడుతుంది, ఫోన్ చెవిలో మాత్రం రెండు గొంతులు పడతాయి. రెండు చోట్లా జాబితాలు వేరుగా ఉంటే, ఎక్కువ వాడే చోటి జాబితాకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

## రూటర్ తనంతట తాను ఎంచుకుంటే చాలదా?

చాలా రూటర్లు `Auto` మీద వస్తాయి. పేరును బట్టి అవి ఎప్పటికప్పుడు మంచి ఛానల్ వెతుక్కుంటాయనిపిస్తుంది. ఖరీదైన వాటిలో కొన్ని నిజంగానే అలా చేస్తాయి. కనెక్షన్‌తో వచ్చే పెట్టెల్లో చాలావాటికి మాత్రం ఆ వెతుకులాట ఆన్ అయినప్పుడు ఒక్కసారే. ఆ రెండు మూడు సెకన్లలో గాలి ఎలా ఉంటే అదే దాని ప్రపంచం. పొద్దున పదకొండింటికి ఆన్ అయిన రూటర్‌కు ఆరో ఛానల్ ప్రశాంతంగా కనిపిస్తుంది, రాత్రి తొమ్మిదికి దాని సంగతి దానికి తెలియదు. ఆపి ఆన్ చేస్తే బాగవడం, కొన్నాళ్లకు మళ్లీ చెడడం వెనకున్న కథ ఇదే.

కరెంటు పోయి వచ్చే చోట్ల దీనికి ఇంకో మలుపు తోడవుతుంది. జనరేటర్ అందుకునేలోగా ఇన్వర్టర్ లేని ఇళ్లలో రూటర్లన్నీ ఆరిపోతాయి, తర్వాత అన్నీ ఒకేసారి లేస్తాయి. ప్రతిదీ చుట్టూ చూస్తుంది, మిగతావి ఇంకా నోరు విప్పలేదు కాబట్టి అంతా ఖాళీగానే కనిపిస్తుంది. ఒకే కంపెనీ పెట్టెలు, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే తర్కం; చాలామటుకు ఒకే ఛానల్ మీద వాలే అవకాశం ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో మూడొంతుల ఇళ్లు ఒకే అంకె మీద కనిపించినప్పుడు దాని వెనక ఇలాంటిది ఉండవచ్చు. అందుకే 2.4 మీద ఛానల్‌ను చేత్తో స్థిరపరచడమే నయం. రూటర్ పేజీలో `Wireless` కింద 2.4 విభాగంలో `Channel` ఉంటుంది. మార్చి సేవ్ చేస్తే పరికరాలన్నీ నిమిషంలోపు వాటంతట అవే కలుస్తాయి, పేరూ పాస్‌వర్డూ మారవు. కొన్ని కంపెనీల పెట్టెల్లో ఈ పేజీకి తాళం వేసి ఉంటుంది. అప్పుడు ఏ ఛానల్ కావాలో చెప్పి వారిచేతే మార్పించుకోవాలి.

## 5 గిగాహెర్ట్జ్: గోడలే రక్షణ

ఇంతవరకూ చెప్పినదంతా ఒక ఇరుకు గదిలో మంచి మూల వెతకడం. ఆ గది పక్కనే విశాలమైన హాలు ఉంది. 2018 అక్టోబరులో కేంద్రం 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 వరకు ఉన్న భాగాలను లైసెన్సు అక్కర్లేని వాడకానికి తెరిచింది. మొత్తం 605 మెగాహెర్ట్జ్, అంటే 2.4 బ్యాండ్‌కు ఏడు రెట్లకు పైనే. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడల్ని అంత బాగా దాటలేదని దాన్ని లోపంగా చెబుతుంటారు. విడి ఇంట్లో అది లోపమే. అపార్ట్‌మెంట్‌లో మాత్రం పక్కింటి సిగ్నల్‌ను కూడా ఆ గోడలే ఆపుతాయి.

ఇక్కడ ఛానళ్లు 36, 40, 44, 48 అంటూ 20 మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి పడవు. ఉచ్చు వేరేచోట ఉంది. రూటర్లు 5 మీద మామూలుగా 80 మెగాహెర్ట్జ్ వెడల్పు వాడతాయి, అంటే నాలుగేసి ఛానళ్లను కలిపి ఒక దిమ్మగా. 36 నుంచి 44కు మార్చి ఏదో సాధించామనుకుంటే పొరపాటు. రెండూ 36–48 దిమ్మలోవే. బయటపడాలంటే దిమ్మే మారాలి, అంటే 149–161కి వెళ్లాలి.

ఆ మధ్యలో 52 నుంచి 144 వరకు ఉన్నవి తరచూ నిజంగానే ఖాళీగా ఉంటాయి. రాడార్లు కూడా వాడే భాగమది. అక్కడికి వెళ్లే రూటర్ ముందు ఓ నిమిషం పాటు వినాలి, తర్వాత ఎప్పుడు రాడార్ జాడ తగిలినా పది సెకన్లలో ఖాళీ చేసి అరగంట పాటు ఆ వైపు చూడకూడదు. అందువల్ల చాలా చవక రూటర్లు ఆ ఛానళ్లను అసలు చూపించవు. చూపించే రూటర్ ఉంటే ప్రయత్నించడంలో తప్పులేదు. వారానికోసారి కారణం లేకుండా వైఫై నిమిషం పాటు మాయమవుతుంటే మాత్రం 149కి తిరిగి రావడం మంచిది.

149, 36 రెండు దిమ్మలూ కిక్కిరిసిన భవనంలో వెడల్పును 40కి తగ్గిస్తే రెండు దిమ్మలు నాలుగవుతాయి. అప్పుడు కూడా రెండు యాంటెన్నాల ఫోన్ 400 ఎంబీపీఎస్‌తో కలుస్తుంది; 100 ఎంబీపీఎస్ ప్లానుకు అది ధారాళం.

మన ఉదాహరణ ఇంట్లో 36 దిమ్మలో ఐదు నెట్‌వర్క్‌లు, 149లో మైనస్ 80 దగ్గర రెండు కనిపించాయనుకుంటే నిర్ణయం తేలికే. టీవీ, ఫోన్లు, ల్యాప్‌టాప్ 149కి వెళ్తాయి. 5 ఎక్కలేని సీసీ కెమెరా, స్మార్ట్ ప్లగ్‌లు 2.4లోని ఒకటో ఛానల్‌లో ఉంటాయి. రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే టీవీ మొండిగా 2.4నే పట్టుకుని ఉండవచ్చు. అలాంటప్పుడు 5కి వేరే పేరు పెట్టి టీవీలో పాత పేరును మరిపించాలి.

## మార్చాక చూడాల్సింది

అదే గదిలో, అదే రాత్రి తొమ్మిదిన్నరకు, అదే యాభై పింగ్‌లు. ముందు రాసుకున్న అంకెల పక్కన వీటిని పెడితే తేడా కళ్లకు కడుతుంది. ఒక్క రాత్రితో తీర్పు ఇవ్వకూడదు; పక్కింటివారు ఊరెళ్లిన రోజు ఏ ఛానల్ అయినా బంగారమే. మూడు నాలుగు రాత్రులు నిలకడగా ఉంటే ఎంపిక సరైనదే. కొన్ని నెలలకో, కొత్తగా ఎవరైనా అద్దెకు దిగాకో పింగ్ మళ్లీ ఎగిరిపడుతుంటే మళ్లీ స్కాన్ చేయాలి.

2.4లో మూడు ఛానళ్లూ 70 శాతం దాటి, 5 సిగ్నల్ ఆ గదికి చేరకపోతే, ఎంచుకోవడానికి ఇంకేమీ మిగలలేదని అర్థం. అక్కడ టీవీకి లాన్ కేబుల్ లాగడమో, రూటర్‌ను చెప్పుల స్టాండు మీది నుంచి ఇంటి నడిమధ్యకు తేవడమో ఏ ఛానల్ మార్పు కన్నా ఎక్కువ చేస్తుంది.

ఇంకో మార్గం ఉంది కానీ అది రూటర్ పేజీలో దొరకదు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుని, పక్కపక్క ఇళ్లు, కిందా పైనా ఇళ్లు వీలైనంతవరకు వేర్వేరు ఛానళ్లలో ఉండేలా 1, 6, 11 పంచుకోవచ్చు. ఇరవై ఇళ్లకు మూడే అంకెలు కాబట్టి పూర్తిగా కుదరదు, అయినా గోడ పంచుకునే రెండిళ్లను విడదీస్తే చాలా వరకు పని జరిగినట్టే. ముందుగా ఒప్పించాల్సింది మూడులోనో, నాలుగులోనో, ఎనిమిదిలోనో ఖాళీ దొరికిందని కూర్చున్న ఇంటిని. భవనంలో రెండు ఛానళ్లను ఒకేసారి చెడగొడుతున్నది ఆ రూటరే, రాత్రిళ్లు అందరికన్నా నెమ్మదిగా నడిచేది కూడా చాలామటుకు అదే.